నిన్నటిది వదిలేసి ఆకు వేయండి

మీ సందేశం ఒక్కటి కూడా దారిలో తప్పిపోలేదు, అన్నీ తప్పకుండా చేరతాయి అని ఎవరైనా చెబితే మామూలు మనిషి సంతోషించాలి. జలజకు మాత్రం అది చదవగానే ఒళ్ళంతా చల్లబడింది.

పావగడ ఊరి చివర జలజ నడిపేది చాకీ కేంద్రం. పట్టుపురుగుల గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్ల పురుగులను రెండో జ్వరం దాటేదాకా సాకి, అప్పుడు రైతులకు అమ్ముతుంది. జ్వరమంటే రోగం కాదు. పురుగు పాత తోలు విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, ఒక పగలూ రాత్రీ కదలకుండా ఉండిపోతుంది. దాన్ని ఈ ప్రాంతంలో జ్వరం అంటారు. మొత్తం నాలుగు జ్వరాలు. రెండు జలజ ఇంట్లో, రెండు రైతు ఇంట్లో. పురుగులు గడప దాటినంత మాత్రాన జలజ వాటిని వదిలేసేది కాదు. ఎప్పుడు ఆకు ఆపాలి, ఎప్పుడు మందు చల్లాలి, ఎప్పుడు మళ్ళీ ఆకు వేయాలి అన్నీ గ్రాహకుల ఫోన్లకు సందేశాలుగా పంపేది. అదే దఫా పురుగులు ఒక తట్టెడు తన దగ్గరే ఉంచుకుని, వాటిని చూసి సందేశం పెట్టేది. ఊళ్ళో అందరూ కన్నడ బడిలో చదివినవాళ్ళే కాబట్టి మాట తెలుగైనా సందేశం కన్నడంలో వెళ్ళేది.

ఆ సందేశాలు ఆమె ఫోన్ నుంచి పోవు. బెంగళూరులో ఒక కంపెనీ ఉంది. వాళ్ళ సైటులో మాటలు ఎక్కించి, ఫలానా పొద్దుకు పోవాలి అని పెడితే చాలు. ఆ వేళకు సైటు ఆ సందేశాల కట్టనంతా గేట్‌వేకు అప్పజెబుతుంది, గేట్‌వే దాన్ని ఫోన్ కంపెనీలకు పంచుతుంది, ఒక్కసారిగా అందరి జేబుల్లో ఫోన్లు మోగుతాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. తప్పకపోయేసరికి జలజకూ ధీమా పెరిగింది, పోయిందా లేదా అని వెనక్కి తిరిగి చూడడం మానేసింది.

ఆ పొద్దున కంప్యూటర్ తెరవగానే కంపెనీవాళ్ళ ప్రకటన ఎదురుగా ఉంది.

'ప్రియమైన గ్రాహకులకు: గేట్‌వే పనిచేయనందువల్ల నిన్న వెళ్ళవలసిన సందేశాల బ్యాచ్ ఆలస్యమైంది. ఇప్పుడు గేట్‌వే సరిగా పనిచేస్తోంది. నిలిచిపోయిన సందేశాలన్నీ వరుసగా చేరతాయి. కొందరికి ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. మీ వైపు నుంచి చేయవలసినదేమీ లేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

చేయవలసినదేమీ లేదట! ఎంత చల్లగా చెప్పారు మహానుభావులు!

నిన్న వెళ్ళవలసినది ఏమిటో జలజకు కంఠతా వచ్చు. 'పురుగులు నాలుగో జ్వరానికి వచ్చాయి. ఆకు ఆపండి. సున్నం చల్లండి. కొన్ని లేచి తిరిగినా ఆకు వేయకండి. మా తరువాతి సందేశం వచ్చేదాకా ఆగండి.' ఆ తరువాతిది ఈరోజు తెల్లవారుజామున పోవలసింది: 'జ్వరం విడిచింది. మందు చల్లి, అరగంట ఆగి, ఆకు వేయండి.' ఇది పోయింది, చక్కగా చేరింది కూడా. తాజాది కాబట్టి నేరుగా వెళ్ళిపోయింది. నిన్నటిది ఇప్పుడు దాని వెనక బయల్దేరుతోంది. అంటే ఆకు వేయమన్న మాట ముందు చేరి, వేయొద్దన్న మాట తర్వాత చేరుతుంది. రైతు దేన్ని వింటాడు? చివర వచ్చినదాన్నే.

"అయ్యో నా మతి మండా!" అంది జలజ పైకే.

నిన్న సందేశం రాలేదని ఒక్కరైనా ఫోన్ చేయలేదే అనుకుంది. అంతలోనే జవాబు కూడా తట్టింది. నిన్న పురుగులు వాటంతటవే నిద్రకు పడ్డాయి, ఆకు ముట్టలేదు. ముట్టని ఆకు మీద మళ్ళీ ఆకు ఎవరు పోస్తారు? అందరూ తమంతట తాము ఆపేశారు. లోటు తెలియలేదు. ఇవాళ సంగతి అలా కాదు. కొత్త తోలుతో లేచిన పురుగుకు ఆకలి పిచ్చాకలిగా ఉంటుంది. చైత్రం ఎండలు. ఇక్కడి నుంచే అది గూడు కట్టే బలం తింటుంది. ఇప్పుడు మధ్యాహ్నందాకా కడుపు మాడ్చితే బక్కచిక్కి, రోగం తగులుకుని, తట్టల్లోనే మెత్తబడి పోతుంది.

కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఒక కుర్రగొంతు ఎత్తింది.

"నిన్నటి బ్యాచ్ ఆపేయండి. రద్దు చేసేయండి. పోనేకూడదు అది."

"అది ఆల్రెడీ గేట్‌వే తీసుకుంది మేడం. తీసుకున్నాక మా వైపు నుంచి క్యాన్సిల్ కాదు."

"మరి నిన్నంతా పోనిది ఇవాళ ఎందుకు పోవాలప్పా?"

"మెసేజ్ లాస్ కాకూడదు కదా మేడం. అందుకే మళ్ళీ మళ్ళీ ట్రై చేస్తుంది."

అతని తప్పేమీ లేదు. అతని లెక్కలో చేరడమే మంచి, చేరకపోవడమే చెడు. జలజకు మాత్రం ఆ ఫోన్‌లోంచి చెయ్యి పెట్టి చెవి మెలేయాలనిపించింది.

"సరే, నిన్నటిది పట్టించుకోవద్దని ఇంకో సందేశం పెడతా. అదైనా ముందు పోతుందా?"

"ఇప్పుడు లోడ్ ఎక్కువుంది మేడం. క్యూలో పడుతుంది. పైగా అప్రూవ్ అయిన టెంప్లేట్ అయితేనే పోతుంది, తెలుసు కదా."

తెలుసు. నోటికొచ్చిన మాట పెట్టి పంపడానికి లేదు. ప్రతి సందేశం మాటలూ ముందుగానే నమోదు చేయించి ఒప్పుదల తెచ్చుకోవాలి. కొత్త మాటలకు ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం. ఆమె పేరున ఒప్పుదలైన వాటిలో ఆలస్యానికి పనికొచ్చేది ఒకటే ఉంది. ఎప్పుడో ఎవరో ఊరికే పడుంటుందని రాయించినది: 'ప్రియ గ్రాహకులారా, సాంకేతిక కారణంగా మా సందేశం ఆలస్యమైంది,' తర్వాత ఒక ఖాళీ, తర్వాత 'దయచేసి సహకరించండి.' ఆ ఖాళీలో ముప్పై అక్షరాలు పడతాయి. కంపెనీ తనకు చెప్పిన చల్లని కబురే తను మళ్ళీ తన గ్రాహకులకు చెప్పాలన్నమాట, ఆ ముప్పై అక్షరాలు తప్ప.

నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేసింది. పొడుగైపోతోంది. చివరకు కుదిరింది: 'నిన్నటిది వదిలేసి ఆకు వేయండి.' పంపు అని నొక్కింది. 'క్యూలో ఉంది' అని చూపించింది సైటు. దాని పైనే నిన్నటి బ్యాచ్ వరుస ఒక్కొక్క పేరూ పచ్చబడుతూ, 'చేరింది', 'చేరింది', 'చేరింది' అని పోతోంది. ఎప్పుడూ ఆ పచ్చరంగును చూసి మురిసిపోయే మనిషి, ఇవాళ ఒక్కో పేరు పచ్చబడినప్పుడల్లా గుండె పట్టుకుంది.

కేంద్రంలో పనిచేసే బైలప్పను కేక వేసింది. బజారులో తట్టలూ సున్నం మందూ అమ్మే మొగుడు సీతారామ్‌కు ఫోన్ చేసింది. ముగ్గురూ పేర్లు పంచుకుని ఫోన్లు మొదలుపెట్టారు.

పాత గ్రాహకులు నవ్వేశారు. "ఏంది జలజమ్మా, నిద్ర లేసినవాటికి ఆకెయ్యొద్దంటావు, నీకేమైనా జరమొచ్చిందా?" అని క్యాతగానచెర్లు ఊరి దొడ్డన్న ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి విని జలజకు ఎంత ప్రాణం లేచొచ్చిందో! కొత్తవాళ్ళు కొందరు అప్పటికే వేసిన ఆకు తీసేద్దామా అని తట్టల ముందు నిలబడి ఉన్నారు. గొంతు గుర్తుపట్టి సరేనన్నారు. గంటలోపే అందరూ దొరికారు.

"ఒకామె మాత్రం ఇనలేదమ్మా," అన్నాడు బైలప్ప ఫోన్ కింద పెట్టి. "రాయచెర్లు నల్లమ్మ. మెసేజి రాకుండా ఆకెయ్యను, నువ్వెవరో నాకు తెలీదు అని పెట్టేసింది. మళ్ళా చేస్తే ఎత్తలే."

జలజ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఎత్తదు. ఎందుకెత్తుతుంది? అలా ఎత్తొద్దని నేర్పినది తనే కదా! రెండేళ్ళ కిందట తెల్లచొక్కా వేసుకున్న వాడెవడో ఊళ్ళమీద పడి, నేను జలజమ్మ సెంటరు నుంచి వచ్చినా అని చెప్పి, ఏదో పొడి అమ్మి పురుగుల మీద చల్లించాడు. ఎన్ని ఇళ్ళల్లో పురుగులు నల్లబడి పోయాయో! అప్పటి నుంచి పురుగులు ఇచ్చేటప్పుడు ప్రతి గ్రాహకుడికీ ఒకటే మాట నూరిపోసింది. మా పేరుతో వచ్చే సందేశమే నమ్మండి. ఎవరు ఫోన్ చేసినా వినొద్దు. ఎవరు గడపలోకి వచ్చినా వినొద్దు. చివరికి నేనే వచ్చి చెప్పినా సందేశం రాకుండా ఏదీ చేయొద్దు. ఆ చివరి మాట అన్నప్పుడు అందరూ నవ్వేవాళ్ళు. నల్లమ్మ నవ్వలేదు. తలూపింది.

నల్లమ్మకు ఇది మొదటి పంట. భూమంతా సోలారు పార్కు కింద కౌలుకు పోగా, కంచె పక్కన ఎకరం పైచిలుకు మిగిలింది. పార్కులో సోలారు పలకల అద్దాలు కడిగే కూలి మానేసి, ఆ ఎకరంలో మల్బరీ నాటి, షెడ్డు వేసింది. కొడుకు నాగేశ్ పార్కులోనే కాపలా పనిలో ఉన్నాడు. వాడికి ఇదేమీ ఇష్టం లేదు. "ఒక్క పంట చూస్తానురా. ఇది పోతే ఆ ఎకరా కూడా ఇచ్చేద్దాం, సంతకం పెడతా, మళ్ళా అద్దాలు కడగను పోతా," అని కొడుక్కు మాటిచ్చి పురుగులు కొనడానికి వచ్చింది. పురుగుల తట్టలు ఆటోలో ఎక్కించేటప్పుడు ఆ మాట జలజతోనే చెప్పింది.

జలజ స్కూటర్ తాళాలు తీసుకుంది.

"ఈ ఎండలో నువ్వెందుకు? బైలప్పను పంపితే సరిపోదా?" అన్నాడు ఫోన్‌లో సీతారామ్.

"బైలప్ప మాట వినలేదనే కదండీ ఇదంతా. మొహం చూస్తేనన్నా వింటుందేమో."

నాగలమడిక వైపు రోడ్డెక్కింది. ఎండ మొహాన కొడుతోంది. ఊళ్ళు దాటిన కొద్దీ రెండు వైపులా అద్దాలే అద్దాలు, ఒకే వాలుగా ఆకాశానికి మొహం పెట్టి. దారంతా ఆమె మనసు ఆ షెడ్డులోనే ఉంది. తెల్లవారుజామున లేచి ఉంటాయి. ఇప్పటికి ఎంతసేపైంది? తలలు అటూ ఇటూ తిప్పి వెతుకుతుంటాయి. తట్ట అంచుదాకా పాకుతుంటాయి. నోరు లేని జీవాలు, అరిచి అడగలేవు. ఒకచోట స్కూటర్ ఆపి ఫోన్ చూసుకుంది. ఆమె పెట్టిన కొత్త సందేశం ఇంకా 'క్యూలో ఉంది' అనే చెబుతోంది. నిన్నటిది మాత్రం నల్లమ్మ పేరు పక్కన 'చేరింది'. చెడ్డ కబురుకు కాళ్ళెక్కువ అనుకుని మళ్ళీ స్కూటర్ తోలింది.

షెడ్డు వాకిట్లో తడిపిన గోనె కింద మల్బరీ కొమ్మలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అంటే కోసింది. ఆకు ఉంది. జలజకు అంత భయంలోనూ కాస్త ఊపిరి తిరిగింది.

నల్లమ్మ గడపలో కూర్చుని ఉంది, కొంగు తలమీద వేసుకుని, ఒళ్ళో ఫోన్ పెట్టుకుని. జలజను చూసి గబుక్కున లేచింది.

"జలజమ్మా! నువ్వే వచ్చినావా? చూడుపో, చూడు నా పురుగులు ఎట్ల తిరుగుతావుండాయో."

చెప్పులు వాకిట్లో వదిలి, సున్నపు నీళ్ళలో చేతులు ముంచి లోపలికి పోయింది జలజ. తెల్లగా, కొత్తగా, ఒక్కటి కూడా నిద్రలో లేదు. అన్నీ లేచాయి. తలలెత్తి గాలిలో వెతుకుతున్నాయి. కొన్ని అంచులు దాటి స్టాండు కాళ్ళ మీదుగా నేలకు దిగాయి. దిగినవాటిని చీమలు పట్టాయి. జలజ వంగి ఒక్కొక్కదాన్నీ ఏరి పైన వేసింది.

"అక్కా, జరం ఇడిసింది. మందు చల్లి ఆకెయ్యాల. ఇప్పుడే. రా, నేనూ పట్టిస్తా."

నల్లమ్మ కదలలేదు.

"పొద్దున్నే ఎయ్యమని వచ్చింది. పక్కింటి ధనుశ్రీ సదివి చెప్పింది. ఆకు కోసుకొచ్చినా. మందు చల్లేలోపల ఇంకోటి వచ్చింది. కాలేజీ బస్సు ఎక్కబోతా కూడా ఆ బిడ్డ రెండుసార్లు సదివింది. ఆకు ఎయ్యొద్దు, కొన్ని లేసి తిరిగినా ఎయ్యొద్దు, మళ్ళా చెప్పేదాకా ఆగు అని. ఆగినా."

"అది నిన్న రావాల్సింది అక్కా. బెంగళూరులో మిషను చెడిపోయి ఇవాళ వచ్చింది. అది తప్పు."

"మెసేజి తప్పా?"

"తప్పే."

"మరి నువ్వే కదా చెప్పినావు, నేనే వచ్చి చెప్పినా మెసేజి రాకుండా ఏమీ చెయ్యొద్దని!" అంది నల్లమ్మ. "నాకు సదువు లేదు. పురుగులు కొత్త. ఇంకెవర్ని నమ్మాల? దాన్నే నమ్మినా. ఇప్పుడు నువ్వొచ్చి అది తప్పంటావు. అది తప్పయితే ఇన్నాళ్ళూ వచ్చినవాటిలో ఏది సరి, ఏది తప్పు?"

జలజ వాకిట్లోకి వచ్చి తన సొంత ఫోన్ తీసి, ఆకు వేయండి అని అప్పటికప్పుడు కొట్టి పంపింది. నల్లమ్మ చేతిలో ఫోన్ కిణుక్కుమంది. నల్లమ్మ ఆశగా చూసి, వేలితో పేరుండే చోట తడిమి, తల అడ్డంగా ఊపింది.

"ఇది నీ సెంటరుది కాదు. అంకెలుండాయి. అంకెలుంటే నమ్మొద్దని నువ్వే చూపించినావు, పేరుండాల అని."

అక్షరమ్ముక్క రాని మనిషి తన పాఠం ఇంత బాగా నేర్చుకుందే అని సంతోషించాలా, గోడకు తల కొట్టుకోవాలా? లోపల పురుగులు పాకుతున్నాయి. జలజకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపం, భయం, సిగ్గు అన్నీ కలిసిన నీళ్ళు అవి. కొమ్మల కట్ట తనే ఎత్తుకుని లోపలికి పోయి వేసేద్దామా అనిపించింది. ఒక అడుగు వేసింది కూడా. కాని ఆ గడపలో నిలబడిన మనిషిని తోసుకుని పోతే, రేపు తెల్లచొక్కా వాడు కూడా అలాగే తోసుకుని పోతాడు. ఆగిపోయింది.

"నాగేశ్‌ను పిలువు అక్కా. వాడన్నా చదువుతాడు."

"డ్యూటీలో ఫోను ఎత్తడు. సందేళకు గాని రాడు."

సందేళకు ఇంకేం మిగులుతుంది?

అప్పుడు ఫోన్ మళ్ళీ కిణుక్కుమంది.

నల్లమ్మ గబగబా చూసింది. మొహం విప్పారింది. "పేరుండాది! జలజమ్మా, నీ సెంటరు పేరే, అదే ఆకారం! వచ్చింది, మెసేజి వచ్చింది!" ఫోన్ జలజ చేతిలో పెట్టింది. "సదువు తల్లీ, ఏముండాదో సదువు."

జలజ తెర తెరిచింది. 'పురుగులు నాలుగో జ్వరానికి వచ్చాయి. ఆకు ఆపండి.'

నిన్నటిదే. రెండోసారి. కొందరికి రెండుసార్లు రావచ్చు అని ముందే చెప్పారు కదా ఆ పుణ్యాత్ములు.

ఎదురుగా నల్లమ్మ చేతులు కొంగుతో తుడుచుకుంటూ, అప్పుడే కట్ట విప్పడానికి సిద్ధంగా నిలబడింది. చుట్టుపక్కల చదివేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆకు వేయమని ఉంది అక్కా అంటే సరిపోతుంది. నాలుగే మాటలు. పురుగులు బతుకుతాయి, ఎకరా బతుకుతుంది, మధ్యాహ్నం లోపల క్యూలో ఉన్న సందేశం కూడా వచ్చేస్తుంది, ఎవరికీ తెలియదు. అబద్ధం కూడా కాదు అది, నిజానికి ఆకు వేయవలసిందే కదా. జలజ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. అక్కడే తెలిసింది. అలా చెబితే ఇకమీదట ఈ మనిషికి ఏ సందేశం ఎవరు చదివి వినిపించినా, ఉన్నది వినిపిస్తున్నారో కావలసింది వినిపిస్తున్నారో తెలియదు. సందేశంలో ఉన్నదాన్నే నమ్మమని ఆమెకు నేర్పినది తానే.

తెర మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఆకు ఆపమని ఉండాది అక్కా," అంది. "పొద్దున వచ్చిందే, మళ్ళా వచ్చింది. పురుగులు లేచి తిరిగినా ఆకెయ్యొద్దు, మా సందేశం వచ్చేదాకా ఆగండి అని ఉండాది. నా సెంటరు పేరే ఉండాది పైన. నేను రాసిందే."

నల్లమ్మ మొహంలో వెలుగు ఆరిపోయింది.

"అయినా ఇది తప్పు," అంది జలజ, ఫోన్ ఆమె చేతికి తిరిగి ఇస్తూ. "నేను రాసిన మాటే ఒక దినం ఆలస్యంగా వచ్చిందని నేనే చెబుతావుండా. ఎయ్యమని వచ్చిందని చెప్పి నీతో ఎయ్యించచ్చు. చెప్పను. నువ్వు నమ్మితే ఎయ్యి. నమ్మకపోతే ఈడనే కూచుంటా, ఇంకోటి వచ్చేదాకా. పురుగులు పోతే మాత్రం అది నీ తప్పు కాదు, నాది. నాగేశ్‌కు అదే చెప్పు."

వాకిట్లో మెట్టు మీద కూలబడింది. ఫోన్ చేతిలో పెట్టుకుని నల్లమ్మ ఒకసారి దాన్ని చూసింది, ఒకసారి జలజను చూసింది. లోపలికి తొంగి పురుగులను చూసింది.

"నీకు కావాల్సింది ఎయ్యించడమే కదా," అంది చివరికి మెల్లగా.

"అవును."

"ఎయ్యమనుందని సదివుంటే నేను ఎప్పుడో ఏసుందును."

"అవును."

"మరి ఉన్నదే సదివినావే!"

నల్లమ్మ ఫోన్ తీసుకుపోయి వాకిట్లో గూట్లో పెట్టేసింది. "లె, లె, ఎండలో కూచోవద్దు. మందు డబ్బా యాడ పెట్టినానో చూడు, తట్టల కిందుంటుంది," అని కసిరింది, కసరడంలోనే ఏడుపు ఉంది. జలజ లేచింది. పల్చటి గుడ్డలో మందు పోసి ఇద్దరూ చెరో వైపు నుంచి చల్లుకుంటూ వచ్చారు. తరువాత అరగంట ఆగాలి. అంత పొడుగు అరగంట జలజ జీవితంలో లేదు. ఆ అరగంటా నేల మీద పడినవాటిని ఏరి పైన వేస్తూ, చీమలను నూనెగుడ్డతో తుడుస్తూ గడిపారు. కొన్నిటికి లేచే ఓపిక లేదు. వాటిని నల్లమ్మ అరచేతిలో పెట్టుకుని, "అయ్యో నా తల్లులారా, అయ్యో," అనుకుంది.

అరగంట అయ్యాక కొమ్మలు పరిచారు. మొదట్లో పురుగులు కదలలేదు. అప్పుడు అంచునున్నది ఒకటి ఆకు ఎక్కింది. దాని పక్కది ఎక్కింది. చూస్తుండగానే పచ్చటి ఆకంతా తెల్లబడింది, తట్టంతా సన్నగా చిటపటమని చప్పుడు మొదలైంది. ఓపిక లేనివాటి మొహం దగ్గరే లేతాకు పెట్టింది నల్లమ్మ. వాటిలో కొన్ని నోరు పెట్టాయి, కొన్ని పెట్టలేదు.

"ఇవి పోతాయా?"

"కొన్ని పోతాయి అక్కా. తక్కినవి నిలబడతాయి."

"ఎకరా ఇయ్యక్కర్లేదు కదా?"

"ఇయ్యక్కర్లేదు."

నల్లమ్మ గోడకు జారిగిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అప్పుడు వాకిట్లో గూట్లోంచి ఫోన్ కిణుక్కుమంది. జలజకు చూడకుండానే తెలుసు, అది తను పంపినదే: ప్రియ గ్రాహకులారా, సాంకేతిక కారణంగా మా సందేశం ఆలస్యమైంది, నిన్నటిది వదిలేసి ఆకు వేయండి, దయచేసి సహకరించండి. చదివి వినిపిద్దామని లేవబోయింది.

"దాన్ని మొత్తుకోనీ," అంది నల్లమ్మ. "ఆ కట్ట ఇట్లియ్యి, కింది తట్టకు ఆకు చాలలేదు."